"ఏపీఏలో రాసివ్వండి" అంటే సరిపోతుందా? రెఫరెన్సుల మీద అపోహలు - వాస్తవాలు

నేను కావలిలో ఒక కాలేజీ గ్రంథాలయం చూస్తాను. మార్చి వచ్చిందంటే ప్రాజెక్టులు, థీసిస్‌లు ఇచ్చేవాళ్ల మెసేజ్‌లతో నా ఫోన్ నిండిపోతుంది. చాలావాటిలో ఉండేది ఒక్కటే మాట: "సార్, రెఫరెన్స్ ఏపీఏలో రాసివ్వండి." ఏపీఏ అంటే రెఫరెన్సులు రాసే ఒక స్టయిల్. ఏ పుస్తకమో ఉండదు, ఎవరు రాశారో ఉండదు, ఏ సంవత్సరమో ఉండదు.

"ఏ పుస్తకం అమ్మా?" అని అడిగితే కొందరు నొచ్చుకుంటారు. స్టయిల్ పేరు చెప్పాం కదా, ఇంకేం కావాలి అన్నట్టు మాట్లాడతారు. వాళ్లను తప్పుపట్టను. "ఏపీఏలో పెట్టుకో" అని పైనుంచి చెప్పేస్తారే గానీ, పుస్తకం చేతిలో ఉన్నప్పుడే ఏమేం రాసిపెట్టుకోవాలో వాళ్లకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. గడువు రెండు రోజులు ఉందనగా టెన్షన్ మొదలవుతుంది. అప్పటికి పుస్తకం ఎక్కడో తిరిగి ఇచ్చేసి ఉంటారు.

అపోహ: స్టయిల్ పేరు చెబితే చాలు, రెఫరెన్స్ తయారవుతుంది.

స్టయిల్ అంటే బ్యాంకు చలానా ఫారం లాంటిది. ఏ గడిలో ఏం రాయాలో ఫారం చెబుతుంది, గడి నింపాల్సింది మనమే. పుస్తకానికి ఏపీఏ ఫారం ఇది:

```
Author, A. A. (Year). Title of book. Publisher.
```

నాలుగు గళ్లు. రాసినవారు, సంవత్సరం, పేరు, ప్రచురణకర్త. ఈ నాలుగూ పుస్తకం నుంచే రావాలి. ఏ స్టయిల్‌కి మారినా వీటి వరుస, మధ్యలో చుక్కలు, కామాలు మారతాయి, అంతే. ఎంఎల్ఏలో సంవత్సరం చివరికి వెళుతుంది. వాంకూవర్‌లో వాక్యంలో రచయిత పేరు, సంవత్సరం బదులు అంకె వస్తుంది. గళ్లు ఖాళీగా ఉంటే ఏ స్టయిలూ వాటిని పుట్టించలేదు.

స్టయిల్ పేరు కూడా కొన్నిసార్లు సగమే. చికాగోలో రెండు పద్ధతులున్నాయి: కింద ఫుట్‌నోట్లు పెట్టేది ఒకటి, వాక్యంలోనే రచయిత పేరు, సంవత్సరం పెట్టేది ఇంకొకటి. ఏపీఏలో ఎన్నో ఎడిషనో చెప్పాలి. ఆరో ఎడిషన్ వరకు ప్రచురణకర్తకు ముందు ఊరి పేరు రాసేవాళ్లం. 2019లో వచ్చిన ఏడో ఎడిషన్ దాన్ని తీసేసింది. సీనియర్ల థీసిస్ చూసి దించుకునేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు, ఒకే జాబితాలో సగం రెఫరెన్సులకు ఊరుంటుంది, సగానికి ఉండదు.

అపోహ: పుస్తకం పేరు చెబితే మిగతావి నెట్‌లో దొరుకుతాయి.

నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది దీని గురించే. పోయిన ఏడాది ఉదయగిరి వైపు నుంచి ఒకమ్మాయి వచ్చింది. చరిత్రలో పరిశోధన. అడిగింది: "సార్, నెల్లూరు శాసనాలు బుక్‌కి ఏపీఏ రాసిస్తారా? పన్నెండో శాసనం వాడాను."

మా జిల్లాలో "నెల్లూరు శాసనాలు" అని అందరూ పిలిచేది 1905లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం వేసిన ఇంగ్లిష్ సంకలనాన్ని. అలన్ బటర్‌వర్త్, వి. వేణుగోపాల్ చెట్టి కలిసి చేశారు. మూడు భాగాలు. అయితే 1948లో వచ్చిన దక్షిణ భారత శాసనాల పదో సంపుటి కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు శాసనాలదే. అందులో కూడా శాసనాలకు అంకెలే ఉంటాయి. ఆ అమ్మాయి చెప్పిన పన్నెండు దేంట్లోది?

"నువ్వు చూసిన పేజీ ఉందా అమ్మా?" అని అడిగాను. ఫోన్‌లో ఫొటో చూపించింది. అది 1905 పుస్తకం పేజీ కాదు. వేరే ఎవరి థీసిస్‌లోదో పేజీ. ఆ థీసిస్ రాసినాయన శాసనం సారాంశం చెప్పి, బ్రాకెట్లో నెల్లూరు శాసనాలు, 12 అని పెట్టాడు. తాలూకా పేరు లేదు. ఈ సంకలనంలో శాసనాలను తాలూకాల వారీగా పేర్చారు. అంకె ప్రతి తాలూకాకూ ఒకటి నుంచి మళ్లీ మొదలవుతుంది. ఉదయగిరి 12 వేరు, కావలి 12 వేరు, ఒంగోలు 12 వేరు. అవును, ఒంగోలు కూడా ఇందులోనే ఉంది. గుంటూరు జిల్లా 1904లో ఏర్పడేదాకా ఒంగోలు తాలూకా నెల్లూరులోనిదే. ప్రకాశం జిల్లా 1970లో పుట్టింది. ఈ సంగతి తెలియక ఒంగోలు, కనిగిరి శాసనాల కోసం ఎక్కడెక్కడో వెతికేవాళ్లను చూశాను.

ఆ క్షణంలో నేను గూగుల్ చేసి 1905 పుస్తకానికి చక్కగా ఏపీఏ రాసిచ్చేయొచ్చు. చూడ్డానికి ఏ లోపమూ ఉండదు. కానీ అది అబద్ధం అవుతుంది. ఆ అమ్మాయి ఆ పుస్తకం చూడనే లేదు. వైవాలో "ఏ భాగం?" అని ఒక్క ప్రశ్న పడితే నోట మాట రాదు.

తన ముందు రెండు దారులున్నాయని చెప్పాను. ఒకటి, చదివిన థీసిస్‌నే రెఫరెన్స్‌గా పెట్టడం. వాక్యంలో మూలం పేరు చెప్పి, పక్కన ఆ థీసిస్ రాసినాయన పేరు, సంవత్సరం ముందు as cited in అని రాయడం. ఇది నిజాయితీ ఉన్న పద్ధతే. కాకపోతే మూలం అందుబాటులో లేనప్పుడే వాడాలి. రెండోది, మూలాన్ని తెరిచి చూడడం. స్కాన్ archive.orgలో ఉంటుంది కాబట్టి రెండోదానికే కూర్చున్నాం.

అక్కడ ఇంకో చిక్కు. స్కాన్ పేజీలో కింద Addeddate అని ఒక తేదీ కనిపిస్తుంది. అది ఫైల్ ఎక్కించిన రోజు. దాన్నే పుస్తకం సంవత్సరం అనుకుని వందేళ్ల నాటి పుస్తకానికి ఈ మధ్య సంవత్సరం వేసిన రెఫరెన్సులు నా టేబుల్ మీదకు చాలా వచ్చాయి. పాత స్కాన్లకు పెట్టిన పేర్లలో అక్షరాలు కూడా తప్పులుంటాయి. కాబట్టి స్క్రీన్ మీద రాసి ఉన్నది నమ్మకుండా ఫైల్ తెరిచి, పుస్తకంలో అచ్చయిన టైటిల్ పేజీ దాకా వెళ్లాలి.

ఉదయగిరి తాలూకా మూడో భాగంలో ఉంది. పన్నెండో శాసనం తీసి ఫోన్‌లో ఉన్న సారాంశంతో పోల్చి చూసింది. దాత పేరు, ఊరు సరిపోయాయి. అప్పుడు గానీ నేను కలం పట్టలేదు.

```
Butterworth, A., & Venugopaul Chetty, V. (1905).
A collection of the inscriptions on copper-plates
and stones in the Nellore district (Part 3).
Government Press.
```

పుస్తకం పేరు ఇటాలిక్స్‌లో పెట్టాలి. వాక్యంలో ఉదహరించే చోట పేజీ నంబరు బదులు తాలూకా పేరు, శాసనం అంకె ఇస్తే వెతుక్కునేవాళ్లకు నేరుగా దొరుకుతుంది.

రెండో పేరు దగ్గర ఆ అమ్మాయి ఆగింది. "సార్, సాఫ్ట్‌వేర్‌లో వేస్తే Chetty, V. V. అని వచ్చింది." నిజమే, అలాగే వస్తుంది. పేరులో చివరి మాటే ఇంటిపేరు అనుకునేట్టు ఆ సాఫ్ట్‌వేర్లు తయారయ్యాయి. మనకు ఇంటిపేరు ముందుంటుంది, అదీ ఒక్క అక్షరంగా. చెట్టి, రెడ్డి, నాయుడు, శాస్త్రి అన్నవి ఇంటిపేర్లు కావు. చివరి మాట పట్టుకుని జాబితా చేస్తే సగం జిల్లా రెడ్డి కింద చేరిపోతుంది. పూర్తిగా రాసి ఉన్న పేరును ముందు పెట్టి, అక్షరాలను వెనక్కి పంపడం నేను పాటించే పద్ధతి. మీ విభాగం ఇంకోలా అడిగితే అలాగే చేయండి, కానీ మొదటి పేజీ నుంచి చివరిదాకా ఒకేలా ఉండాలి.

అపోహ: సంవత్సరం తెలియకపోతే n.d. పెట్టేయొచ్చు.

ఆ గుర్తుకు అర్థం పుస్తకంలో తేదీ లేదని. నేను చూడలేదని కాదు. తెలుగు పుస్తకాల్లో సంవత్సరం టైటిల్ పేజీ వెనక ఉంటుంది. అక్కడ లేకపోతే ముందుమాట చివర చూడండి, అక్కడా లేకపోతే ఆఖరి పేజీ, అట్ట వెనక.

ఒకసారి స్థలచరిత్ర మీద ఒక పాత పుస్తకం వచ్చింది. తేదీ ఎక్కడా లేదు. ముందుమాట కింద మాత్రం "విజయ నామ సంవత్సరం" అని ఉంది. తెలుగు సంవత్సరాలు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయి కాబట్టి విజయ అంటే 1893-94 కావచ్చు, 1953-54 కావచ్చు, 2013-14 కావచ్చు. వెనక అట్ట మీద ధర రూపాయలు, అణాల్లో ఉంది. నయాపైసలు 1957 ఏప్రిల్‌లో వచ్చాయి, అంటే 2013 కాదు. లోపల ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన సంగతి రాశాడు. అది 1953 అక్టోబరు 1. అలా 1953-54 మిగిలింది. ఉగాది నుంచి ఉగాదికి లెక్క కాబట్టి 1953 అక్టోబరు, 1954 ఉగాది మధ్యలో ముందుమాట రాశాడన్నమాట. పుస్తకం మీద అచ్చయిన సంవత్సరం కాదు గనుక దాన్ని చదరపు బ్రాకెట్లలో, సుమారు అని తెలిపే గుర్తుతో వేశాం:

```
[ca. 1954]
```

ఇంత వెతికినా ఏమీ దొరక్కపోతే అప్పుడు n.d. పెట్టండి. తప్పేం లేదు.

అపోహ: వెబ్ పేజీకి లింక్ ఇస్తే చాలు.

లింక్ చిరునామా మాత్రమే. రేపు ఆ పేజీ తీసేస్తే మీ రెఫరెన్స్‌లో ఏమీ మిగలదు. పేజీ శీర్షిక, రాసినవారు లేదా ఆ సంస్థ పేరు, పేజీ మీదున్న తేదీ, సైట్ పేరు రాసి చివర లింక్ ఇవ్వండి. చూసిన తేదీని ఏపీఏ అన్నిటికీ అడగదు, తరచుగా మారిపోయే పేజీలకే అడుగుతుంది. ఎంత నీటిమట్టం ఉందో రోజూ మార్చి చూపించే సోమశిల జలాశయం పేజీలాంటిదయితే చూసిన తేదీ తప్పనిసరి.

ఇప్పుడు నాకు మెసేజ్ పెట్టేవాళ్లను నేను అడిగేవి మూడు ఫొటోలు. టైటిల్ పేజీ ఒకటి, దాని వెనక వైపు ఒకటి, మీరు వాడుకున్న పేజీ నంబరుతో సహా ఒకటి. అట్ట ఫొటో వద్దు. అట్ట మీద పేరు కుదించి వేస్తారు, సంపాదకుడి పేరు వదిలేస్తారు. పత్రిక వ్యాసం అయితే సంచిక మొదటి పేజీ, వ్యాసం మొదటి పేజీ, చివరి పేజీ పంపండి. పుస్తకం తిరిగి ఇచ్చే ముందే తీసుకోండి. ఉదయగిరి అమ్మాయి ఈ మధ్య తన జూనియర్లతో పంపిస్తోంది, ఫొటోలు మూడూ ముందు వస్తాయి, "ఏపీఏ ఏడో ఎడిషన్ సార్" అన్న మాట ఆ వెనక వస్తుంది.