మందారం మొక్కను అమ్మకానికి పెట్టే ముందు

ప్రియమైన పిల్లలూ,

మీరు కొమ్మలు నాటి పెంచిన మందారాల్ని ఆన్‌లైన్‌లో అమ్ముతామంటూ పంపిన ఫోటో చూశాను. అందులో ఉన్నది విరగబూసిన తల్లి మొక్క. మీరు పంపబోయేది దాని కొమ్మతో వచ్చిన పిల్ల మొక్క. ఆ ఫోటో ఒక్కటే పెడితే కొనేవాళ్లు నడుమెత్తు మొక్క వస్తుందని ఎదురుచూస్తారు. పువ్వు రంగు తెలియాలి కాబట్టి తల్లి మొక్క ఫోటో కూడా ఉంచండి, కానీ రెండోదిగా, "ఇది తల్లి మొక్క" అని రాసి. మొదటి ఫోటో పంపే మొక్కదే కావాలి. పక్కన స్కేలు నిలబెట్టి తీయండి.

ఎత్తు ఎక్కణ్ణుంచి కొలిచారో కూడా చెప్పాలి. కుండీ అడుగు నుంచి కొలిస్తే ఊరికే పది సెంటీమీటర్లు ఎక్కువ కనిపిస్తుంది. మట్టి పైనుంచి కొమ్మ చివరి దాకా కొలవండి. మీ మొక్కలన్నీ ఒకే ఎత్తు లేవు కదా, అందుకని "పంపే రోజున మట్టి పైనుంచి 20 నుంచి 25 సెంటీమీటర్లు, రెండు కొమ్మలు, వేరు పట్టిన మొక్క, 4 అంగుళాల కుండీలో" అని రాస్తే సరిపోతుంది. పెట్టెలో పట్టడానికి చివర్లు కత్తిరిస్తే కత్తిరించాక ఉన్న ఎత్తే రాయండి. కుండీ లేకుండా మట్టి ముద్దతో పంపేటట్టయితే ఆ మాట పైనే ఉండాలి. చాలామంది కుండీ కూడా వస్తుందనే అనుకుంటారు.

ఇక దారిలో జరిగేది. మందారానికి ఇదే పెద్ద కష్టం. మూసిన పెట్టెలో చీకటి, పైగా ఎథిలీన్ అనే వాయువు చేరుతుంది. పండ్లను మగ్గబెట్టే వాయువే ఇది. దానికి మందారం తట్టుకోలేక మొగ్గలు రాల్చేస్తుంది, ఆకులు పసుపు రంగుకు తిరిగి ఊడిపోతాయి. అందుకే మొగ్గలున్న మొక్కను "పూలతో వస్తుంది" అని అమ్మకండి. పంపే ముందే మొగ్గలు తుంచేయండి. పెట్టెకు గాలి రంధ్రాలు పెట్టండి. నీళ్లు ముందు రోజే పోయండి. మట్టి తడిగా ఉండాలి గానీ కారుతూ ఉండకూడదు, ఎందుకంటే గాలాడని చోట బురద మట్టిలో వేరు కుళ్లుతుంది. మట్టి ఒలికిపోకుండా పైన కాగితం కప్పి టేపు వేయండి. వారాంతంలో గోడౌన్‌లో ఉండిపోకుండా వారం మొదట్లోనే పంపండి. ఉష్ణోగ్రత 10 డిగ్రీల కన్నా తగ్గే చోటికి చలికాలంలో పంపకపోవడమే మంచిది.

ఇవన్నీ చేసినా కొన్ని ఆకులు రాలతాయి. దాన్ని దాచకుండా ఇలా రాయండి: "మూడు నుంచి అయిదు రోజులు పెట్టెలో ఉంటుంది. కొన్ని ఆకులు పసుపు రంగుకు మారి రాలవచ్చు. అంతమాత్రాన మొక్క చచ్చిపోయినట్టు కాదు. కాండం మీద గోటితో కొంచెం గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది, చిగురు వస్తుంది. పై చివర ఎండి ఉంటే ఇంకా కిందికి గీకి చూడండి. మట్టి దాకా గోధుమ రంగులో ఎండిపోయి ఉన్నా, కాండం నల్లగా మెత్తబడినా పెట్టె విప్పిన రోజే ఫోటో తీసి పంపండి, వేరే మొక్క పంపుతాం." ఈ నాలుగు మాటలు ముందే చదివినవాళ్లు ఆకు రాలగానే టెన్షన్ పడి మొక్కను పారేయరు.

పెంపకం సూచనల్లో "రోజూ నీళ్లు పోయండి" అని మాత్రం రాయకండి. కొత్తగా వచ్చిన మొక్క ఎక్కువగా చచ్చేది నీళ్లు ఎక్కువై. వచ్చిన రోజే పెట్టె విప్పి, వారం పది రోజులు ఎండ నేరుగా తగలని వెలుతురులో ఉంచమని చెప్పండి. మట్టి పైభాగం వేలికి పొడిగా తగిలినప్పుడే నీళ్లు పోయాలి. రెండు వారాల దాకా ఎరువు వేయకూడదు, కుండీ మార్చకూడదు. ఆ తర్వాత కొద్దికొద్దిగా పూర్తి ఎండకు అలవాటు చేయాలి. ఎండ లేకపోతే మందారం సరిగా పూయదు. ఈ సూచనలు ఒక కాగితం మీద రాసి పెట్టెలోనూ వేయండి.

పంపే ముందు ప్రతి ఆకునూ తిప్పి చూడండి. ఆకు తొడిమల దగ్గర తెల్లగా దూదిలా కనిపిస్తే అది పిండినల్లి. ఆ మొక్కను వేరుగా పెట్టి బాగు చేయండి. అలాగే పంపితే అది కొన్నవాళ్ల మిగతా మొక్కలకూ పాకుతుంది.

విత్తనాలూ అమ్ముదామా అని చిన్నది అడిగింది. కొమ్మ నాటితే తల్లి పువ్వే వస్తుంది. హైబ్రిడ్ మందారం విత్తనం వేస్తే వేరే రంగు రావచ్చు. కాబట్టి విత్తనాల పక్కన ఎర్ర పువ్వు ఫోటో పెట్టి ఊరుకోకండి, "రంగు మారవచ్చు" అని స్పష్టంగా రాయండి. కోసిన నెల కూడా వేయండి. పది విత్తనాలు తడి కాగితంలో చుట్టి మొలకెత్తించి చూసి, ఎన్ని మొలిచాయో అదే సంఖ్య రాయండి. వేరే దేశానికి పంపమని ఎవరైనా అడిగితే ఒప్పుకోకండి. చాలా దేశాలు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా లోపలికి రానివ్వవు.

రాసినదాన్ని పెట్టే ముందు ఒకసారి నాకు పంపండి, చూసి చెబుతాను.

మీ పెద్దమ్మ