రెపో రేటు మన ఇంటి ఈఎంఐ దాకా ఎలా వచ్చింది?

2022 మే 4 మధ్యాహ్నం రిజర్వు బ్యాంకు గవర్నర్ శక్తికాంత దాస్ ఉన్నట్టుండి టీవీలో కనిపించారు. వడ్డీ రేటు నిర్ణయించే ద్రవ్య విధాన కమిటీ తర్వాతి సమావేశం జూన్‌లో జరగాలి. అంతవరకు ఆగకుండా ముందే కూర్చుని, బ్యాంకులకు రిజర్వు బ్యాంకు అప్పిచ్చే వడ్డీ అయిన రెపో రేటును 4 శాతం నుంచి 4.40కి పెంచినట్టు ప్రకటించారు. ఆ తర్వాత పది నెలలు తిరగకముందే అది 6.50కి చేరింది.

ఆ ఏడాది ఏప్రిల్ 1న ఇంటి కోసం 30 లక్షల అప్పు తీసుకున్న ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. వడ్డీ 6.75 శాతం, గడువు ఇరవై ఏళ్లు, నెలకు ఈఎంఐ 22,811 రూపాయలు. రెపో 4 శాతం, దాని మీద బ్యాంకు కలిపిన 2.75 శాతం, మొత్తం 6.75. మూడు నెలలకోసారి వడ్డీని సరిచూస్తారని ఒప్పందంలో ఉంది. ఈఎంఐ మాత్రం మార్చలేదు. జులైలో వడ్డీ 7.65 అయింది, అక్టోబరులో 8.65, జనవరిలో 9, మళ్లీ ఏప్రిల్‌లో 9.25. ఏడాదిలో పన్నెండు ఈఎంఐలు, అంటే 2 లక్షల 73 వేలకు పైగా కట్టాక చూస్తే అసలు తగ్గింది దాదాపు 35 వేలు. ఇక పదమూడో నెలలో వడ్డీ ఒక్కటే 22,853 రూపాయలు. కట్టేది 22,811. అంటే ఈఎంఐ క్రమం తప్పకుండా కడుతున్నా అప్పు తగ్గకపోగా పెరగడం మొదలవుతుంది. ముందు అనుకున్న గడువులోనే తీరాలంటే ఈఎంఐని 27,655కి పెంచాలి. నెలకు దాదాపు 4,850 అదనం.

ముంబైలో తీసుకున్న ఒక నిర్ణయం ఒక ఇంటి నెల ఖర్చును ఇంత సూటిగా తాకడం మన దేశంలో మొదటి నుంచీ ఉన్నది కాదు. రిజర్వు బ్యాంకు దీనికోసం పాతికేళ్లు తంటాలు పడింది.

రెపో అంటే ప్రభుత్వ బాండ్లను తాకట్టు పెట్టుకుని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు ఇచ్చే స్వల్పకాలపు అప్పు మీద వడ్డీ. అది ఒక్క రాత్రికి ఇచ్చే అప్పు కూడా కావచ్చు. బ్యాంకులు మనకిచ్చే డబ్బులో ఇలా వచ్చేది చాలా తక్కువ. ఎక్కువ భాగం డిపాజిటర్లదే. అయినా ఈ రేటుకు అంత బలం ఎందుకంటే, బ్యాంకుల మధ్య ఒక్కరోజు అప్పులకు ఇది మధ్య గీతలాంటిది. ఒక బ్యాంకు దగ్గర డబ్బు మిగిలితే రిజర్వు బ్యాంకులో ఉంచి రెపో కంటే కొంచెం తక్కువ వడ్డీ తెచ్చుకోవచ్చు. కాబట్టి అంతకంటే తక్కువకు ఇంకో బ్యాంకుకు ఇవ్వాల్సిన పని లేదు. అలాగే అవసరం పడితే రెపో కంటే కొంచెం ఎక్కువకు రిజర్వు బ్యాంకు దగ్గరే దొరుకుతుంది కాబట్టి, అంతకు మించి ఇంకెవరికీ కట్టక్కర్లేదు. ఈ రెండు హద్దుల నడుమే రోజువారీ డబ్బు ధర తిరుగుతుంది. రిజర్వు బ్యాంకు చేతిలో నేరుగా ఉన్నది ఇంతవరకే. ఇక్కడి నుంచి మామూలు అప్పుదారుడి దాకా దారి వేయడమే కష్టమైంది.

1990ల ముందు ఆ ప్రశ్నే లేదు. ఏ అప్పుకు ఎంత వడ్డీయో రిజర్వు బ్యాంకే పట్టికలు వేసి చెప్పేది. 1994లో 2 లక్షలు దాటిన అప్పులకు వడ్డీ నిర్ణయించుకునే స్వేచ్ఛ బ్యాంకులకు ఇచ్చారు. తర్వాత 2003లో ప్రతి బ్యాంకూ ఒక ప్రామాణిక ప్రైమ్ రేటు ప్రకటించే పద్ధతి వచ్చింది. బేరమాడగలిగిన పెద్ద కంపెనీలు ఆ ప్రైమ్ రేటు కంటే తక్కువకే అప్పు తీసుకునేవి. మామూలు ఖాతాదారు ఆ పైన కట్టేవాడు. పేరుకు ప్రామాణికమే గానీ అప్పుల్లో చాలా భాగం దాని కిందే నడిచింది.

2010 జులైలో బేస్ రేటు వచ్చింది. దానికి తక్కువగా దాదాపు ఎవరికీ అప్పివ్వకూడదన్నారు. అప్పటి గవర్నర్ మన తెలుగువారే, దువ్వూరి సుబ్బారావు. ధరలు మండిపోతున్న ఆ రోజుల్లో 2010 మార్చి నుంచి 2011 అక్టోబరు వరకు రెపోను ఆయన 13 సార్లు పెంచారు, 4.75 నుంచి 8.50కి. పెంచినప్పుడు బ్యాంకులు వెంట నడిచాయి. తగ్గించినప్పుడే చిక్కు. 2015 జనవరి నుంచి జూన్ వరకు, సుబ్బారావు తర్వాత గవర్నరైన రఘురామ్ రాజన్ మూడు విడతలుగా ముప్పావు శాతం తగ్గించారు. బ్యాంకుల బేస్ రేట్లు మాత్రం 0.30 శాతం మేరకే దిగాయని ఆ సెప్టెంబరులో రిజర్వు బ్యాంకే చెప్పుకోవాల్సి వచ్చింది.

దీన్ని కేవలం బ్యాంకుల ఆశ అనడం న్యాయం కాదు. మూడేళ్ల ఎఫ్‌డీకి 8.5 శాతం ఇస్తానని మాటిచ్చిన బ్యాంకు, ఇవాళ రెపో తగ్గిందని ఆ డిపాజిటర్‌కు తక్కువ ఇవ్వలేదు. కొత్త డిపాజిట్లకు తగ్గిద్దామంటే జనం పోస్టాఫీసు పథకాల వైపు వెళ్తారేమోనన్న భయం. వాటి వడ్డీ నిర్ణయించేది ప్రభుత్వం. కానీ ఇంకో సంగతి కూడా ఉంది. పాత అప్పుదారుడికి తగ్గించకుండా కొత్తగా వచ్చేవాడికి తక్కువ రేటు చూపించడం చాలాచోట్ల మామూలైపోయింది. పక్కపక్క ఫ్లాట్లలో ఉంటూ, ఒకే బ్యాంకుకు ముప్పావు శాతం తేడాతో వడ్డీ కడుతున్న ఇద్దరు ఒకరినొకరు అడిగితే తప్ప ఆ విషయం బయటపడేది కాదు.

2016 ఏప్రిల్‌లో తెచ్చిన ఎంసీఎల్‌ఆర్ దీన్ని కొంత సరిచేసింది. బ్యాంకు తాజాగా సేకరించే డబ్బుకు ఎంత ఖర్చవుతుందో దాన్నిబట్టి రేటు. అయితే ఆ లెక్క కట్టేదీ బ్యాంకే, చాలావరకు ఏడాదికోసారి మాత్రమే అప్పుదారుడికి వర్తింపజేసేదీ బ్యాంకే. ఆ పద్ధతిలో రేటును కదిలించేది రెపో ఒక్కటే కాదని పెద్దనోట్ల రద్దు తర్వాత అందరికీ తెలిసింది. డిపాజిట్లు పొంగి పొర్లడంతో, రెపో మారకుండానే 2017 జనవరి 1న స్టేట్ బ్యాంకు తన ఏడాది ఎంసీఎల్‌ఆర్‌ను 8.90 నుంచి 8 శాతానికి ఒక్కసారే దించింది.

చివరికి 2019లో రిజర్వు బ్యాంకుకు ఓపిక నశించింది. ఫిబ్రవరి నుంచి ఆగస్టు వరకు రెపో 1.10 శాతం తగ్గితే అప్పుదారులకు అందింది అందులో కొంచెమే. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి బ్యాంకులిచ్చే కొత్త ఫ్లోటింగ్ రేటు, అంటే గడువు మధ్యలో వడ్డీ మారే ఇంటి అప్పులు, ఇతర వ్యక్తిగత అప్పులు, చిన్న పరిశ్రమల అప్పులు బ్యాంకు చేతిలో లేని ఒక బయటి రేటుకు కట్టాలని ఆదేశించింది. ఎక్కువ బ్యాంకులు రెపోనే ఎంచుకున్నాయి. మూడు నెలలకోసారైనా సరిచూడాలి. నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో అసలైన మలుపు ఇదే. ఇప్పుడు ఫ్లోటింగ్ రేటు బ్యాంకు అప్పుల్లో సగానికి పైగా ఈ పద్ధతిలోనే ఉన్నాయి.

కోవిడ్ సమయంలో రెపో 4 శాతానికి దిగినప్పుడు ఈ ముడి వల్ల అప్పుదారులకు మేలే జరిగింది. 2022లో అదే ముడి బిగిసింది. మన ఉదాహరణలోని కుటుంబానికి జరిగింది అదే. చాలామంది విషయంలో బ్యాంకులు ఈఎంఐ పెంచకుండా గడువు పొడిగించాయి. చేతిలోంచి పోయేది పెరగలేదు కాబట్టి ఏళ్లు పెరిగాయని చాలామందికి తెలియలేదు. 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు దీని మీద నిబంధనలు పెట్టింది. వడ్డీ మారినప్పుడు ఈఎంఐ పెంచుకోవాలా, గడువు పొడిగించుకోవాలా అన్నది అప్పుదారుడినే అడగాలి. గడువు పొడిగించడం వల్ల వడ్డీకి కూడా చాలని ఈఎంఐ మిగిలే పరిస్థితి రాకూడదు. మీ అప్పు ఎలా ఉందో చూసుకోవాలంటే మూడు నెలలకోసారి వచ్చే స్టేట్‌మెంట్‌లో ఈఎంఐ అంకె కాదు, అసలు ఎంత తగ్గింది, ఇంకా ఎన్ని వాయిదాలు మిగిలాయి అన్నవి చూడాలి.

వడ్డీ పెరిగితే ధరలు ఎలా తగ్గుతాయి? ఆ 4,850 రూపాయలు నెలనెలా పక్కకు పోతే కొత్త బండి, పెద్ద ఫ్రిజ్ వాయిదా పడతాయి. అదే సమయంలో 2 కోట్ల క్యాష్ క్రెడిట్ వాడే ఒక రైస్‌మిల్లు యజమానిని తీసుకోండి. రెండున్నర శాతం పెరిగితే ఏడాదికి 5 లక్షలు అదనపు వడ్డీ. అతను ధాన్యం నిల్వ తగ్గించుకుంటాడు, కొత్త మిషన్ మరుసటి ఏడాదికి చూద్దాంలే అంటాడు. ఇలాంటి నిర్ణయాలు లక్షల్లో కలిస్తే గిరాకీ మెత్తబడుతుంది, అమ్మేవాళ్లకు ధర పెంచే ధైర్యం తగ్గుతుంది. ఇది నెలల్లో జరిగేది కాదు. ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది.

అది జరిగింది కూడా. ఆహారం, ఇంధనం తీసేసి చూస్తే మిగతా వస్తువులు, సేవల ధరల పెరుగుదల 2022లో 6 శాతం దగ్గర ఉండేది. 2024 మధ్యకు 3 శాతం చిల్లరకు వచ్చింది. కానీ అదే 2024 జూన్‌లో ఆహార ధరలు అంతకుముందు ఏడాదితో పోలిస్తే 9 శాతానికి పైగా పెరిగాయి. అంతకుముందు 2023 జులైలో మదనపల్లె మార్కెట్‌లో టమాటా కిలో వంద దాటినప్పుడు దేశంలో చిల్లర ద్రవ్యోల్బణం ఒక్క నెలలో 4.87 నుంచి 7.44కి ఎగబాకింది. ఆగస్టు సమావేశంలో రిజర్వు బ్యాంకు రెపోను కదపలేదు. వాన దెబ్బకు, తెగులుకు పోయిన పంటను వడ్డీ రేటు తిరిగి తేలేదు. కొత్త పంట వచ్చింది, సెప్టెంబరుకల్లా 5 శాతం దగ్గరకు దిగింది. అప్పట్లో మన చిల్లర ధరల సూచీలో ఆహార పానీయాల వాటా దాదాపు 46 శాతం. దాదాపు సగం బుట్ట వాన చేతిలో ఉన్నప్పుడు రెపోతో ఎంత చేయగలమన్న వాదన అందుకే తెగడం లేదు. రిజర్వు బ్యాంకు మాత్రం, కూరగాయల ధర కూలికి, జీతానికి, హోటల్ ప్లేటుకు పాకకుండా చూడటం తన పని అంటుంది. అందులో న్యాయం ఉందనే నాకు అనిపిస్తుంది.

2025లో గాలి మళ్లీ తిరిగింది. ఫిబ్రవరి నుంచి డిసెంబరు వరకు నాలుగు విడతల్లో రెపో 6.50 నుంచి 5.25కి దిగింది. ఇంటి అప్పు ఉన్నవాళ్లకు అది త్వరగానే అందింది. ఎఫ్‌డీ వడ్డీతో ఇల్లు నడుపుకునే రిటైరైన వాళ్లకు మాత్రం రెన్యువల్ రోజున చేతికొచ్చేది తగ్గింది. ఇక నూటికి రెండు రూపాయల వడ్డీకి, అంటే ఏడాదికి 24 శాతానికి, ఊళ్లో ప్రామిసరీ నోటు రాసిచ్చిన కౌలు రైతు సంగతి వేరు. రెపో 4 శాతం ఉన్నప్పుడు అతను కట్టింది రెండు రూపాయలే, 6.50 ఉన్నప్పుడూ రెండు రూపాయలే. పాతికేళ్లు శ్రమపడి వేసిన ఆ దారి అతని గడప దాకా ఇంకా వెళ్లలేదు.