పనోరమా అంచులు కత్తిరిస్తే వెడల్పులో ఎంత పోతుంది?

గండికోట కోట అంచున నిలబడి, కింద పెన్నా నది, రెండు వైపులా నిలువుగా కోసినట్టున్న ఎర్రరాళ్లు, అవన్నీ ఒక్క ఫోటోలో పట్టాలంటే మామూలు లెన్స్ సరిపోదు. అందుకని కెమెరాని కొంచెం కొంచెం తిప్పుతూ వరసగా ఐదు ఫోటోలు తీసి, ఇంటికొచ్చి సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తాం. అతికిన బొమ్మ నీటుగా దీర్ఘచతురస్రంలా రాదు. పైనా కిందా వంపులు వంపులుగా, మధ్య మధ్యలో నల్లటి నొక్కులతో, చివర్లలో ఇంకా ఎక్కువ సన్నబడి వస్తుంది. వెంటనే క్రాప్ టూల్ తీసి లోపల పట్టేంత పెట్టె గీసేసి పని అయిపోయిందనుకుంటాం. ఆ పెట్టెని ఎక్కడ గీస్తున్నామన్న దాని మీద బొమ్మ వెడల్పు పదో వంతు దాకా మారిపోతుందని చాలామంది గమనించరు.

ముందు ఆ వంపులు ఎందుకొస్తాయో చూద్దాం. కెమెరా తీసే ప్రతి ఫ్రేమూ చదునైన పలక. పనోరమాని మాత్రం సాఫ్ట్‌వేర్ మన చుట్టూ ఉన్న ఒక గుండ్రటి డబ్బా లోపలి గోడ మీద అతికించి, తర్వాత ఆ గోడని విప్పి చాపలా పరుస్తుంది. పలక మధ్యభాగం డబ్బాని ఆనుకుని ఉంటుంది, పక్కలు మాత్రం డబ్బా బయటికి, మనకి దూరంగా పోతాయి. దూరంగా ఉన్నది చిన్నగా కనిపిస్తుంది కాబట్టి గోడ మీదికి దించినప్పుడు పక్కల్లో ఎత్తు తగ్గుతుంది. ఎంత తగ్గుతుందంటే, ఫ్రేమ్ మధ్య నుంచి ఎన్ని డిగ్రీలు పక్కకి జరిగామో ఆ కోణపు కొసైన్ ఎంతో అంత. స్కూల్లో చదివిన కొసైనే, ఇంకేమీ లేదు. ఫ్రేమ్ పై గీత తిన్నగా ఉండాల్సింది పోయి విల్లులా వంగుతుంది, కింది గీత కూడా అంతే.

ఇప్పుడు లెక్క వేద్దాం. 24 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, 28 ఎంఎం లెన్స్, కెమెరాని నిలువుగా పట్టుకున్నాం అనుకోండి. లెన్స్‌కి తనదంటూ వంకర ఏమీ లేదనే అనుకుందాం. ఒక్కో ఫ్రేమ్ 4000 పిక్సెల్స్ వెడల్పు, 6000 ఎత్తు, అడ్డంగా దాదాపు 46 డిగ్రీలు చూస్తుంది. ఒక్కో ఫ్రేమ్‌కి 30 డిగ్రీలు తిప్పుతూ ఐదు తీస్తే మొత్తం 166 డిగ్రీలు, అంటే సుమారు 13,550 పిక్సెల్స్ వెడల్పు పరుచుకుంటుంది.

లోపలి అతుకుల దగ్గర పెద్ద నష్టం లేదు. రెండు ఫ్రేములు మధ్యలో కలుస్తాయి కాబట్టి ఏ ఫ్రేమ్ కూడా తన మధ్య నుంచి 15 డిగ్రీలకి మించి పక్కకి సాగనక్కర్లేదు. 15 డిగ్రీల కొసైన్ 0.966. పైన ఒక వంద పిక్సెల్స్, కింద ఒక వంద పోతాయి, అంతే. అసలు దెబ్బ చివర్లలో తగులుతుంది. మొదటి ఫ్రేమ్‌కి ఎడమ పక్కన, ఆఖరి ఫ్రేమ్‌కి కుడి పక్కన ఆదుకోవడానికి పొరుగు ఫ్రేమ్ లేదు, అక్కడ అంచు 23 డిగ్రీల దాకా పోతుంది, అక్కడ నష్టం పైనొక 243, కిందొక 243.

కాబట్టి మన ముందు రెండు దారులు. మొత్తం వెడల్పూ ఉంచుకుంటే ఎత్తు 5515 దగ్గర ఆగిపోతుంది. లేదా రెండు చివర్లలోనూ ఆ సన్నబడ్డ భాగాన్ని కోసేస్తే ఎత్తు 5796కి పెరుగుతుంది, కానీ వెడల్పు 12,220కి పడిపోతుంది. 281 పిక్సెల్స్ ఎత్తు కోసం 1330కి పైగా పిక్సెల్స్ వెడల్పు ఇచ్చామన్నమాట. అంగుళానికి 300 పిక్సెల్స్ చొప్పున ప్రింట్ వేస్తే గోడ మీద నాలుగున్నర అంగుళాల గండికోట పోయి, ఒక అంగుళం కూడా లేని ఆకాశమూ కిందిరాళ్లూ కలిశాయి. నన్నడిగితే ఇది బొత్తిగా నష్టబేరం.

ఇంకో సంగతి, ఈ మార్పిడి రేటు స్థిరంగా ఉండదు. చివర్లలో వంపు బాగా ఏటవాలుగా ఉంటుంది కాబట్టి మొదట కోసే పిక్సెల్స్‌కి ఫలితం ఎక్కువ, నాలుగు పిక్సెల్స్ వెడల్పుకి ఒక పిక్సెల్ ఎత్తు దొరుకుతుంది. లోపలికి వస్తున్నకొద్దీ వంపు చదునవుతూ, 15 డిగ్రీల దగ్గరికొచ్చేసరికి ఒక పిక్సెల్ ఎత్తుకి ఆరు పిక్సెల్స్ వెడల్పు పెట్టాలి. మరి ఎప్పుడూ చివర్లు కోయకూడదా అంటే, అదీ కాదు. చివర్లు ఎప్పుడూ రెండే ఉంటాయి, ఎత్తు పెరిగితే మాత్రం ఆ లాభం మొత్తం పొడవునా వస్తుంది. ఇదే లెన్స్‌తో తొమ్మిది ఫ్రేములు తీసి 286 డిగ్రీలు చుట్టేశామనుకోండి, అప్పుడు చివర్లలో కొంచెం కోస్తే మొత్తం పిక్సెల్స్ లెక్కలో లాభమే వస్తుంది. ఐదు ఫ్రేముల దగ్గర మాత్రం మొత్తం వెడల్పు ఉంచితే దాదాపు 75 మెగాపిక్సెల్స్, చివర్లు కోస్తే 71 లోపే.

ఇంతవరకూ కెమెరా సమంగా, క్షితిజరేఖ వైపు చూస్తోందనుకున్నాం. గండికోటలో కెమెరాని అలా ఎవరు పట్టుకుంటారు? నది కింద ఉంది, కాబట్టి చెయ్యి దానంతటదే కెమెరాని కిందికి వంచుతుంది. ఒక 15 డిగ్రీలు వంచారనుకుందాం.

ఇక్కడ రెండు మార్పులు జరుగుతాయి. మొదటిది, వంపుల లోతు పైనా కిందా ఒకేలా ఉండదు. క్షితిజరేఖకి దగ్గరగా ఉన్న అంచు దాదాపు తిన్నగా ఉంటుంది, దూరంగా ఉన్నది బాగా వంగుతుంది. మన లెక్కలో పై అతుకుల దగ్గర నొక్కు 50 పిక్సెల్స్‌కి తగ్గిపోతే, కింద 175కి పెరుగుతుంది. (ఇది గుర్తుంచుకుంటే ఎవరి పనోరమా ప్రివ్యూ చూసినా కెమెరా ఎటు వంచారో చెప్పేయొచ్చు, ఏ అంచున నొక్కులు లోతుగా ఉంటే అటే వంచారు.) రెండోది ఇంకా ఖరీదైనది. చివరి ఫ్రేముల పక్క గీతలు నిలువుగా నిలబడకుండా ఏటవాలుగా వాలిపోతాయి. కింది భాగంలో ఫ్రేమ్ తన మధ్య నుంచి 28 డిగ్రీల దాకా చూస్తే, పైన 21 దగ్గరే ఆగిపోతుంది. అంటే అతికిన బొమ్మ కింద వెడల్పుగా, పైన ఇరుకుగా వస్తుంది. ప్రివ్యూలో బొమ్మ 14,370 పిక్సెల్స్ వెడల్పు చూపిస్తుంది, మనం సంతోషపడతాం, పై మూల దాకా నల్లదనం లేకుండా పెట్టె గీసేసరికి చేతికొచ్చేది 13,150. పన్నెండు వందలకి పైగా పిక్సెల్స్ వెడల్పు గల్లంతు.

సమంగా పట్టిన కెమెరాకీ దీనికీ తేడా చూడండి. అక్కడ పక్క గీతలు నిలువుగానే ఉన్నాయి కాబట్టి వెడల్పు కోసుకోవడం మన ఇష్టం, ఎత్తు కావాలనుకుంటేనే కోస్తాం. వంచిన కెమెరాలో పై మూల దాకా ఆకాశం ఉంచుకోవాలంటే వెడల్పు ఇచ్చి తీరాలి. అందుకే నది కావాలంటే కెమెరాని వంచడం కంటే, నిలువుగా పట్టుకుని సమంగా ఉంచి, ఎక్కువైన ఆకాశాన్ని తర్వాత పైనుంచి కోసుకోవడం మేలు. అప్పుడు పోయేది ఎత్తు మాత్రమే. కాకపోతే ఈ లెన్స్‌కి కింద 33 డిగ్రీల దాకానే కనిపిస్తుంది, నది మరీ కాళ్ల కింద ఉంటే వంచక తప్పదు.

ట్రైపాడ్ వాడేవాళ్లకి ఇంకో రకం వంపు తగులుతుంది. కెమెరా మీద ఉన్న నీటి బుడగ చూసి సరిచేస్తారు, కాళ్లు మాత్రం వాలిన బండ మీద ఒరిగే ఉంటాయి. మధ్య ఫ్రేమ్ సమంగానే వస్తుంది, తిప్పుతున్నకొద్దీ కెమెరా మెల్లగా పక్కకి ఒరుగుతుంది. సాఫ్ట్‌వేర్ క్షితిజరేఖని తిన్నగా లాగగానే ఈసారి విడివిడి నొక్కులు కాకుండా పట్టీ మొత్తం ఒకే పెద్ద వంపుగా వంగుతుంది, లేదా ఒక చివర పైకీ ఒక చివర కిందికీ పోతుంది. మన లెన్స్‌కి కాళ్లలో ఒక్క డిగ్రీ తేడా ఉంటే, 90 డిగ్రీలు తిరిగేసరికి పట్టీ 80 పిక్సెల్స్ పైనే జరుగుతుంది. అలాంటి పట్టీలో వెడల్పు పెంచుకుంటూ పోతే ఎత్తు తరిగిపోతూ ఉంటుంది. తలని కాకుండా కాళ్లని ముందు సరిచేయడమే దీనికి మందు, తర్వాత చేసేది ఏమీ లేదు.

కత్తిరింపుని సాఫ్ట్‌వేర్‌కే వదిలేయొచ్చు కూడా. ఉచితంగా దొరికే హగిన్‌లో ఈ ఒక్క లైను చాలు:

```
pano_modify --canvas=AUTO --crop=AUTO -o kotha.pto gandikota.pto
```

కొత్త ఫైల్‌ని మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిస్తే `p` తో మొదలయ్యే లైనులో `S` అక్షరం తర్వాత నాలుగు అంకెలు కనిపిస్తాయి, అవి ఎడమ, కుడి, పైన, కింద హద్దులు. మన సమతల ఉదాహరణకి అది దాదాపు `S0,13553,243,5757` అవుతుంది. ఎడమ హద్దు సున్నా దగ్గరే ఉందంటే వెడల్పు పోలేదని అర్థం. అది చూసేది విస్తీర్ణాన్ని మాత్రమే, చివర్లో ఉన్నది కోట బురుజా, ఖాళీ పొదా అన్నది దానికి పట్టదు, కాబట్టి ఆ అంకెలు ఒకసారి చూసి చేత్తో మార్చుకోవడం మంచిది.

కోయకుండా సాగదీసే పద్ధతి కూడా ఉంది. లైట్‌రూమ్‌లో `Boundary Warp` అనే స్లయిడర్ అంచుల్ని బయటికి లాగి నల్లదనాన్ని నింపుతుంది. ఇలా వంకర అంచుల్ని దీర్ఘచతురస్రంగా సాగదీయడం మీద 2013లో కైమింగ్ హే, హుయివెన్ చాంగ్, జియాన్ సన్ ఒక పరిశోధన పత్రం రాశారు. రాళ్లూ మేఘాలూ కాస్త సాగినా ఎవరికీ తెలియదు. చివర్లలో కోట గోడ ఉంటే మాత్రం తెలిసిపోతుంది, తిన్నని గోడ మెలికపడితే కంటికి ముందు అదే కనిపిస్తుంది. క్షితిజరేఖ కూడా చివర్లలో కొంచెం పైకో కిందికో తిరగొచ్చు.

ఇవేవీ వద్దనుకుంటే అన్నిటికంటే చవకైన దారి, రెండు చివర్లలోనూ ఒక్కో ఫ్రేమ్ ఎక్కువ తీయడం. ఫ్రేముల మధ్య దగ్గర దగ్గరగా తీస్తే లోపలి నొక్కులు తగ్గుతాయి గానీ చివరి వంపు తగ్గదు, అక్కడ పొరుగు ఫ్రేమ్ ఉంటేనే తగ్గుతుంది. మన ఐదుకి అటొకటి ఇటొకటి కలిపితే, మొదట కావాలనుకున్న 13,550 వెడల్పు మొత్తం ఉంచుకుంటూనే ఎత్తు 5796 దొరుకుతుంది, కత్తిరించేదంతా మనకి అవసరం లేని ఆ అదనపు ఫ్రేముల్లోంచే పోతుంది.