నోట్లు అచ్చేసి ఖర్చు పెడితే: 1923 జర్మనీ వెనుక తొమ్మిదేళ్లు

1923 ఆగస్టు 17న జర్మనీ కేంద్ర బ్యాంకు రైష్‌బాంక్ అధిపతి రుడాల్ఫ్ హావెన్‌స్టైన్ ప్రభుత్వ పెద్దలకు తమ పనితీరు వివరించాడు. రోజుకు 20 లక్షల కోట్ల మార్కుల కొత్త నోట్లు ఇస్తున్నామని, వచ్చేవారం నుంచి 46 లక్షల కోట్లు ఇస్తామని చెప్పాడు. అప్పటికి దేశంలో చలామణిలో ఉన్న మొత్తం 63 లక్షల కోట్లు. అంటే, ఉన్న డబ్బులో మూడింట రెండు వంతులకు పైగా ఒక్కరోజులోనే కొత్తగా వచ్చి పడుతుంది. ఆయన దీన్ని సంజాయిషీలా చెప్పలేదు, ఘనకార్యంగా చెప్పాడు. ధరలు పెరిగాయి కాబట్టి జనానికి నోట్లు చాలడం లేదు, అందించడం మా బాధ్యత అన్నది ఆయన వాదన.

ధరలు ఇలా అదుపు తప్పడానికి బీజం 1914 ఆగస్టు 4న పడింది. అంతకుముందు రైష్‌బాంక్ నోట్లు వేయాలంటే మూడో వంతుకు బంగారం చూపాలి, మిగతాదానికి ఫలానా తేదీకి డబ్బు చెల్లిస్తామని వ్యాపారులు రాసిచ్చిన హుండీలుండాలి. యుద్ధం మొదలవగానే వచ్చిన చట్టాలతో నోటుకు బంగారం ఇవ్వడం ఆగింది. ప్రభుత్వం అప్పు కోసం రాసిచ్చే ట్రెజరీ బిల్లులు కూడా వ్యాపారుల హుండీలతో సమానమయ్యాయి. ఇక దారి సులువు: ఖజానా బిల్లు రాస్తుంది, బ్యాంకు దాన్ని పుచ్చుకుని నోట్లిస్తుంది, ఆ నోట్లతో జీతాలు, సరఫరాదారుల బాకీలు తీరుతాయి. బడ్జెట్ లోటును డబ్బుగా మార్చడమంటే ఇదే. ఇలా ప్రభుత్వానికి దక్కే రాబడిని సీనియరేజ్ అంటారు.

ఈ రాబడి ఎవరి జేబులోంచి వస్తుందో చిన్న లెక్కతో చూద్దాం. జనం దగ్గర ఉన్న 100 నోట్లతో 100 వస్తువులు కొనవచ్చు అనుకోండి. ప్రభుత్వం మరో 10 నోట్లు వేసింది. వస్తువులు పెరగలేదు కాబట్టి, ధరలు సర్దుకున్నాక ఒక్కో నోటుకు దాదాపు 0.91 వస్తువే వస్తుంది. ప్రభుత్వం చేతికి 9.09 వస్తువులొచ్చాయి, పాత నోట్లున్నవాళ్లు సరిగ్గా అంతే పోగొట్టుకున్నారు. ఏ చట్టసభా ఓటేయకుండా వసూలైన పన్ను ఇది.

అయితే ఈ పన్నును తప్పించుకోవడం తేలిక. ధరలు ఎగబాకుతున్నాయని తెలిస్తే జనం నోట్లను దగ్గర ఉంచుకోరు, అందీ అందగానే వస్తువులో విదేశీ కరెన్సీయో కొనేస్తారు. వాళ్లు ఉంచుకునే డబ్బు విలువ 50 వస్తువులకు తగ్గితే, అదే 9.09 వస్తువులు రాబట్టడానికి నోట్లను 22 శాతం పెంచాలి. 20కి తగ్గితే 83 శాతం. 10కి తగ్గితే దాదాపు పది రెట్లు అదనంగా వేయాలి. లోటు రవ్వంత కూడా పెరగకుండానే ధరలు ఆకాశాన్నంటుతాయి.

అందుకే జర్మనీలో ముద్రణకూ ధరలకూ మధ్య అంకెకు అంకె పొంతన కుదరదు. 1920 వసంతం నుంచి 1921 మధ్య దాకా నోట్లు పెరుగుతూనే ఉన్నా ధరలు ఇంచుమించు నిలకడగా ఉన్నాయి. మార్కు మళ్లీ కోలుకుంటుందన్న ఆశతో స్వదేశీయులూ విదేశీయులూ దాన్ని దాచుకున్నారు. ఆ నమ్మకం 1922లో చెదిరింది. 1923 జనవరిలో ఫ్రెంచి, బెల్జియన్ సేనలు జర్మనీ పారిశ్రామిక ప్రాంతమైన రూర్‌ను ఆక్రమించగా, అక్కడ నిరసనగా పని ఆపేసిన కార్మికులకు ప్రభుత్వం జీతాలివ్వాల్సి వచ్చింది. ఆ డబ్బూ ముద్రణ నుంచే.

పన్నులు అప్పటికే కరిగిపోతున్నాయి. లెక్క తేల్చిన రోజుకూ చెల్లింపు రోజుకూ నడుమ నెలలు గడిచేవి. నెలకు ధరలు రెట్టింపయ్యేచోట మూడు నెలల ఆలస్యమంటే ఖజానాకు అసలు విలువలో ఎనిమిదో వంతే ముడుతుంది. ఆ మేరకు లోటు పెరిగి, దాన్ని పూడ్చడానికి మళ్లీ ముద్రించాలి. హావెన్‌స్టైన్ వాదన తిరగబడేది ఇక్కడే. చలామణిలోని డబ్బు అసలు విలువ పడిపోయిన మాట నిజమే. కానీ అది నోట్ల కొరత వల్ల కాదు, జనం నోట్లను వదిలించుకోవడం వల్ల.

నవంబరులో డాలరు 4.2 లక్షల కోట్ల మార్కులకు చేరింది. 15న రెంటెన్‌మార్క్ అనే కొత్త కరెన్సీ వచ్చింది, లక్ష కోట్ల పాత మార్కులకు ఒకటి చొప్పున. దానికి వెన్నుదన్నుగా చూపింది భూమి మీద తనఖా. భూమిని తీసుకెళ్లి ఎవరూ నోటుకు బదులివ్వలేరు కాబట్టి, నా దృష్టిలో అది అలంకారమే. అసలు పని చేసినవి వేరే ఉన్నాయి. రైష్‌బాంక్ ట్రెజరీ బిల్లులు పుచ్చుకోవడం ఆపేసింది. రెంటెన్‌మార్కులు జారీచేసే రెంటెన్‌బాంక్ ప్రభుత్వానికి ఇవ్వగల అప్పుకు 120 కోట్ల రెంటెన్‌మార్కుల హద్దు పెట్టారు. డిసెంబరులో ప్రభుత్వం ఇంకా కావాలని అడిగితే కుదరదన్నారు. ప్రభుత్వ ఉద్యోగుల సంఖ్యను నాలుగో వంతు తగ్గించాలని అక్టోబరులోనే ఉత్తర్వు వెలువడింది. 1924లో బడ్జెట్ లోటు తీరింది.

ఆ తర్వాతి నెలల్లోనూ చలామణిలోని డబ్బు ఆగకుండా పెరిగింది, ధరలు మాత్రం దాదాపు కదల్లేదు. రేపటికీ విలువ ఉంటుందని తేలిన డబ్బును జనం మళ్లీ దగ్గర ఉంచుకోవడం మొదలుపెట్టారు. పైగా ఈసారి కొత్త నోట్ల వెనుక ఉన్నవి ప్రధానంగా వ్యాపారులు తీసుకున్న అప్పులు, ఖజానా బిల్లులు కావు.