నవ్వినవాళ్ల లెక్క

బడిలో ఎవరో ఏడిపిస్తున్నారని పిల్లవాడు వచ్చి చెబితే పెద్దవాళ్ల నోట ముందుగా వచ్చే మాట ఒకటుంది: "నువ్వు పట్టించుకోకు, వాళ్లే మానేస్తారు." మా లెక్కల మాస్టారు నాతో అదే అన్నారు, ఇంట్లో అమ్మా అదే అంది. ఏడిపించేవాడికి కావలసింది ఎదుటివాడి ఏడుపు, అది దొరక్కపోతే విసుగెత్తి వదిలేస్తాడు అన్నది ఈ సలహా వెనుక ఉన్న ఆలోచన. వినడానికి సబబుగానే ఉంటుంది. అయితే ఆ వ్యవహారంలో ఉన్నది ఇద్దరేనని అది ముందే అనేసుకుంటుంది. చిక్కంతా అక్కడే.

నాకు చిన్నప్పుడు నత్తి. మా ఊరి బడిలో అది ఎవరికీ వింత కాదు, పుట్టినప్పటి నుంచి నన్ను ఎరిగినవాళ్లే అందరూ. ఆరో తరగతికి పక్క ఊరి హైస్కూల్లో చేరాను. నాలుగైదు ఊళ్ల పిల్లలం ఒకే గదిలో పడ్డాం. హాజరు పిలిచినప్పుడు "ప్రెజెంట్ సార్" అనాలి. ఆ మొదటి అక్షరం దగ్గరే నా పెదవులు అతుక్కుపోయేవి. నా పేరు పిలవకముందే వెనుక బెంచీల్లో "ప్... ప్... ప్..." అని మొదలయ్యేది. ఆగి ఆగి వెళ్తాను కాబట్టి నాకు "ప్యాసింజరు" అని పేరు పెట్టారు. పేరు పెట్టడంలో వాళ్ల ప్రతిభను మాత్రం తక్కువ చేయలేను.

తెలుగు క్లాసులో అందరం కలిసి పద్యం చదివేటప్పుడు నాకు ఒక్క అక్షరం కూడా తడబడేది కాదు. అది గమనించి "వీడు నటిస్తున్నాడు" అన్నారు. నత్తి ఉన్నవాళ్లలో చాలామంది ఇతరులతో గొంతు కలిపి చదివినప్పుడు ధారాళంగా పలకగలగడం వాక్చికిత్స నిపుణులకు బాగా తెలిసిన సంగతి. ఆరో తరగతి గదిలో ఆ సంగతి తెలిసినవాళ్లు, నాతో సహా, ఎవరూ లేరు.

ఆ గుంపుకు ఒక నాయకుడుండేవాడు. ఇప్పుడు తలచుకుంటే నాకు స్పష్టంగా గుర్తుకొచ్చేది ఒక్కటే: నన్ను అనుకరించాక వాడు నా ముఖం చూసేవాడు కాదు. తల తిప్పి ఆఖరి బెంచీల వైపు చూసేవాడు.

బడిలో ఏడిపించడం ఎలా సాగుతుందో తెలుసుకోవడానికి కెనడా పరిశోధకులు డెబ్రా పెప్లర్, వెండీ క్రెయిగ్ బృందం టొరంటో బడుల ఆటస్థలాల్లో వీడియోలు తీసింది. పిల్లల దుస్తులకు చిన్న మైకులు తగిలించి, దూరం నుంచి కెమెరాతో వాళ్ల ఆటలను చిత్రీకరించారు. ప్రశ్నపత్రాలిస్తే పిల్లలు తమకు అనిపించింది రాస్తారు. కెమెరాకు మాత్రం జరిగింది జరిగినట్టు దొరుకుతుంది. 2001లో వాళ్లు ప్రచురించిన లెక్క ప్రకారం, ఏడిపించిన ప్రతి 100 సందర్భాల్లో 88 సార్లు తోటి పిల్లలు అక్కడే ఉన్నారు. అంతకుముందు 1999లో వచ్చిన మరో విశ్లేషణలో ఆ చూసేవాళ్లు ఏం చేస్తున్నారో కొలిచారు. వాళ్లు సగానికి పైగా సమయం ఊరికే నిలబడి చూశారు. దాదాపు ఐదో వంతు సమయం తామూ ఆ ఏడిపించడంలో చేయి కలిపారు. నాలుగో వంతు సమయమే బాధితుడి పక్షాన నిలిచారు. చుట్టూ ఎంత ఎక్కువమంది ఉంటే ఆ తంతు అంత ఎక్కువసేపు సాగింది.

అంటే ఏడిపించేవాడికి దక్కే ప్రతిఫలం బాధితుడి ఏడుపొక్కటే కాదు, చుట్టూ ఉన్నవాళ్ల చూపు కూడా. నేను రాయిలా కూర్చున్నా వాడికి రావలసింది ఆఖరి బెంచీల నుంచి వస్తూనే ఉంటుంది. పట్టించుకోకుండా ఉండటానికి ఆరో తరగతి పిల్లవాడు చేయగలిగినంతా నేను చేశాను. హాజరు వేళ కిటికీలోంచి వేపచెట్టు కొమ్మలు లెక్కపెట్టేవాణ్ని. నవ్వులేమీ తగ్గలేదు.

ఫిన్లాండ్ మనస్తత్వవేత్త క్రిస్టీనా సాల్మివల్లి 1996లో తరగతి గదిని ఇలాగే విడదీసి చూపారు. ఏడిపించేవాడు, బాధితుడు మాత్రమే కాక, ఏడిపించేవాడికి సాయం పట్టేవాళ్లు, నవ్వి ఉత్సాహపరిచేవాళ్లు, తమకెందుకని తప్పుకునేవాళ్లు, అడ్డుపడేవాళ్లు అని పిల్లల్లో వేర్వేరు పాత్రలు కనిపించాయి. మా గదిలో ఎవరెవరు ఏ పాత్రో ఇప్పటికీ బెంచీల వారీగా చెప్పగలను. సాయం పట్టినవాళ్లు ఇద్దరు ముగ్గురే. నవ్వినవాళ్లు చాలామంది. వాళ్లలో కొందరు, విడివిడిగా కలిసినప్పుడు, నాతో మామూలుగానే మాట్లాడేవాళ్లు. దారిలో జామకాయ పంచుకునేవాళ్లు. అప్పట్లో అది నాకు అర్థమయ్యేది కాదు. గదిలో ఒక్కొక్కరూ పక్కవాడి నవ్వు చూసి, అందరికీ ఇది ఇష్టమే కాబోలు అనుకుంటారు. ఎవరికీ అంతగా ఇష్టం లేని పని కూడా అలా అందరి పేరు మీద సాగిపోతుంది.

టొరంటో వీడియోల్లో నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించిన అంకె వేరే ఉంది. 2001 లెక్కలో తోటి పిల్లలు అడ్డుపడిన సందర్భాలు వందకు 19 మాత్రమే. కానీ అలా అడ్డుపడినప్పుడు సగానికి పైగా సార్లు 10 సెకన్లలోపే ఆ ఏడిపించడం ఆగిపోయింది. మా తరగతిలో నేనూ ఒకసారి చూశాను. క్రికెట్ బాగా ఆడే కుర్రవాడొకడు, నన్ను వెనకేసుకు రావాలన్న ఉద్దేశం ఉన్నట్టు కూడా కనిపించకుండా, "ఒరేయ్, ఇక చాల్లేరా, ఆటకు టైమైంది" అని బ్యాటు తీసుకుని బయటికి నడిచాడు. సగం గది వాడి వెంట వెళ్లిపోయింది. చూసేవాళ్లు లేని చోట నాయకుడు కూడా కాసేపటికి బయటికే వెళ్లాడు.

ఏడో తరగతి మధ్యకు వచ్చేసరికి వేధింపు చాలావరకు సద్దుమణిగింది. తన సలహా పనిచేసిందని మాస్టారు సంతోషించారు. అమెరికాలో ఆంథొనీ పెలెగ్రీని, జెఫ్రీ లాంగ్ చేసిన అధ్యయనం చదివాక నాకు వేరే కారణం కనిపించింది. పిల్లలు కొత్త బడికి మారినప్పుడు ఏడిపించడం పెరిగి, తర్వాత తగ్గుతుందని వాళ్లు గమనించారు. కొత్త గుంపులో ఎవరిది పైచేయో తేలని రోజుల్లో అది పలుకుబడి సంపాదించే దారి. స్థానాలు ఖాయమయ్యాక దాని అవసరం తగ్గుతుంది. మా గదిలోనూ ఐదు ఊళ్ల పిల్లల మధ్య ఎవరి చోటు ఏదో అప్పటికి తేలిపోయింది. నా నత్తి మాత్రం అలాగే ఉంది.

ఈ పరిశోధనల ఆధారంగా తుర్కు విశ్వవిద్యాలయంలో సాల్మివల్లి బృందం "కివా" అనే కార్యక్రమం రూపొందించింది. ఫిన్లాండ్ బడుల్లో దాన్ని పరీక్షిస్తే ఏడిపించడం తగ్గింది, పూర్తిగా పోలేదు. చిన్న తరగతుల్లో బాగా పనిచేసినంతగా పెద్ద తరగతుల్లో చేయలేదు. ఇంకో చిక్కు కూడా బయటపడింది: వేధింపు తగ్గిన తరగతుల్లో ఇంకా బాధితులుగా మిగిలినవాళ్లు మరింత కుంగిపోయారు. చుట్టూ చాలామంది తనలాగే బాధపడుతుంటే తప్పు ఏడిపించేవాళ్లదేనని అనుకోవచ్చు. తానొక్కడే మిగిలితే లోపం తనలోనే ఉందనిపిస్తుంది.

ఆ కార్యక్రమంలో విడి సందర్భాలను విడిగా కూడా పట్టించుకుంటారు. ముందు బాధితుడితో, తర్వాత ఏడిపించినవాళ్లతో పెద్దలు మాట్లాడతారు. దాంతో పాటు ఉపాధ్యాయుడు తరగతిలో నలుగురికీ నచ్చిన ఇద్దరు ముగ్గురు పిల్లలను పిలిచి, ఆ బాధితుడికి తోడుగా ఉండమని అడుగుతాడు. నాయకుడితో కలబడమనీ, చాడీలు చెప్పమనీ కాదు. భోజనాల వేళ పక్కన కూర్చోమని, ఆటలోకి పిలవమని. మా మాస్టారు ఆ రోజు నన్ను పక్కకు పిలిచి ఓపిక పట్టమన్నారు. ఆ క్రికెట్ కుర్రవాణ్ని పిలిచి ఉంటే ఇద్దరికీ శ్రమ తగ్గేది.