ఊరి జనం తర్వాత ఏ పని చేయాలి: యుటిలిటీ పద్ధతి, బిహేవియర్ ట్రీలపై అపోహలు – వాస్తవాలు

సిమ్యులేషన్ గేమ్‌లో ఊరి జనాన్ని నడిపించే ప్రోగ్రామర్ల మధ్య ఎప్పుడూ నలిగే ప్రశ్న ఒకటుంది. ప్రతి మనిషి తర్వాత ఏ పని చేయాలన్న నిర్ణయాన్ని షరతులనూ పనులనూ కొమ్మలుగా అమర్చి వరుసగా చూసుకుంటూ పోయే బిహేవియర్ ట్రీకి అప్పగించాలా, లేక సాధ్యమైన పనులన్నింటికీ స్కోర్లు వేసి పోల్చే యుటిలిటీ పద్ధతికి అప్పగించాలా అన్నదే ఆ ప్రశ్న. 2000లో వచ్చిన ది సిమ్స్‌లో ప్రతి వస్తువూ తాను ఏ అవసరాన్ని ఎంత తీరుస్తుందో చుట్టూ ఉన్నవారికి ప్రకటించేది. మనిషి తన ప్రస్తుత అవసరాన్నీ దూరాన్నీ బట్టి ఆ ప్రకటనలకు విలువ కట్టుకునేవాడు. 2004 నాటి హేలో 2 తర్వాత బిహేవియర్ ట్రీలు పరిశ్రమలో విస్తృతంగా వాడుకలోకి వచ్చాయి. ఈ రెండు పద్ధతుల గురించి పదే పదే వినిపించే కొన్ని అభిప్రాయాలను ఇక్కడ పరిశీలిస్తాను. స్కోర్లు వేయడం మొదలుపెట్టినవారిని నిజంగా ఇబ్బంది పెట్టేవి మూడో అపోహ, నాలుగో అపోహ కాబట్టి వాటికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

అపోహ: యుటిలిటీ పద్ధతి వస్తే బిహేవియర్ ట్రీ అక్కర్లేదు.

వాస్తవానికి ఈ రెండూ జవాబిచ్చే ప్రశ్నలు వేరు. ఏ పని చేయాలన్నది యుటిలిటీ బాగా తేల్చగలిగే ప్రశ్న. ఎంచుకున్న పనిని ఏ వరుసలో పూర్తి చేయాలన్నది ట్రీ బాగా చూసుకోగలిగే ప్రశ్న. భోజనం చేయాలని తేలిన తర్వాత బల్ల దగ్గరికి నడవడం, ఖాళీ కుర్చీ దొరకకపోతే వేరేది వెతకడం, కూర్చోవడం, తినడం, లేవడం అనే మెట్లను, ఒకదాని తర్వాత ఒకటి నడిపే సీక్వెన్స్, ఒకటి కుదరకపోతే మరొకటి ప్రయత్నించే సెలెక్టర్ నోడ్లతో రాసుకుంటే చదవడానికీ సరిదిద్దడానికీ సులువుగా ఉంటుంది. ఈ మెట్లకు కూడా స్కోర్లు వేయబోతే, మనిషి కూర్చోబోతూ మధ్యలో లేచి నిలబడే వింతలు పుడతాయి.

ట్రీ ఇబ్బంది పడేది పైమెట్టులోనే, అంటే ఏ పని చేయాలో ఎంచుకునే చోటే. సాధారణ సెలెక్టర్‌లో ప్రాధాన్యం అంటే కొమ్మల వరుసే. మొదటి కొమ్మలో "ఆకలి 0.7 దాటితే తిను", రెండో కొమ్మలో "అలసట 0.7 దాటితే పడుకో" అని ఉందనుకుందాం. ఆకలి 0.72, అలసట 0.95 ఉన్న మనిషి తూలుతూ అయినా భోజనానికే వెళ్తాడు, ఎందుకంటే రెండో కొమ్మను ట్రీ ఆ క్షణంలో చూడనే చూడదు. దీన్ని సరిచేయడానికి మొదటి కొమ్మకు "అలసట 0.9 కంటే తక్కువైతేనే" అన్న షరతు తగిలించవచ్చు. అయితే పనుల సంఖ్య పెరిగేకొద్దీ ప్రతి కొమ్మా మిగతా కొమ్మల గురించి తెలుసుకోవలసి వస్తుంది, కొత్త పని ఒకటి చేర్చాలంటే పాత షరతులన్నీ తిరగరాయవలసి వస్తుంది. పోటీపడే అవసరాలు ఎక్కువగా ఉండే ఊరి జనం విషయంలో ఈ భారం త్వరగా మోయలేనిదవుతుంది. అందుకే పైన యుటిలిటీ, కింద చిన్న చిన్న ట్రీలు అనే అమరికను నేను గట్టిగా సమర్థిస్తాను.

అపోహ: ఎప్పుడూ అత్యధిక స్కోరు వచ్చిన పనినే ఎంచుకోవాలి.

ఒకే సూత్రంతో, దాదాపు ఒకే అవసరాలతో బతికే వంద మంది ఒకే క్షణంలో ఒకే బల్ల వైపు కదలడానికి కారణం ఈ నమ్మకమే. స్కోర్ల నిష్పత్తిలో యాదృచ్ఛికంగా ఎంచుకోవడం మంచిదే, కానీ ముందుగా జాబితాను కుదించాలి. మూడు పనులకు 0.62, 0.60, 0.12 స్కోర్లు వచ్చాయనుకుంటే, కుదించకుండా ఎంచుకున్నప్పుడు మూడో పనికి దాదాపు 9 శాతం అవకాశం ఉంటుంది. అంటే సుమారు పదకొండు నిర్ణయాలకు ఒకసారి మనిషి అర్థంలేని పని చేస్తాడు. అత్యధిక స్కోరులో 90 శాతం కంటే తక్కువ వచ్చినవాటిని తీసేసి, మిగిలిన రెండింటి మధ్య ఎంపిక చేస్తే వైవిధ్యం వస్తుంది, తెలివితక్కువతనం రాదు. దీనితోపాటు కుర్చీనో మంచాన్నో ఎంచుకున్న వెంటనే దాన్ని ఆ మనిషి పేరున రిజర్వు చేయాలి. లేకపోతే ఒకే కుర్చీ కోసం ఇద్దరు బయలుదేరతారు.

అపోహ: స్కోర్లు నెమ్మదిగా మారతాయి కాబట్టి ప్రవర్తన కూడా నిలకడగా ఉంటుంది.

రెండు స్కోర్లు దగ్గర దగ్గరగా ఉన్నచోట అతి చిన్న మార్పు కూడా నిర్ణయాన్ని తలకిందులు చేస్తుంది. ఒక వడ్రంగిని తీసుకుందాం. పనివేళల్లో అతని పనికి 0.5 స్థిరమైన స్కోరు ఉంది. భోజనం స్కోరు ఆకలికి వర్గం, అంటే ఆకలి 0.6 అయితే స్కోరు 0.36. గేమ్‌లో గంటకు ఆకలి 0.1 పెరుగుతుంది, ఒక్కో ముద్దకు 0.02 తగ్గుతుంది. లెక్క తేలికగా ఉండేందుకు దూరాన్ని ప్రస్తుతానికి పక్కన పెడదాం.

ఆకలి 0.71 చేరగానే భోజనం స్కోరు 0.504 అవుతుంది, వడ్రంగి పని వదిలి వెళ్తాడు. ఒక్క ముద్ద తినగానే ఆకలి 0.69కి, స్కోరు 0.476కి పడిపోతుంది. ఇప్పుడు పనిదే పైచేయి కాబట్టి అతను లేచి వెనక్కి నడుస్తాడు. గేమ్ గడియారంలో 12 నిమిషాలు గడిచేసరికి ఆకలి మళ్లీ 0.71కి వస్తుంది, మళ్లీ బయలుదేరతాడు. రోజంతా బల్లకూ పనిచోటుకూ మధ్య తిరుగుతూనే ఉంటాడు తప్ప కడుపు నిండదు, పని సాగదు.

దీనికి చాలామంది వేసే మందు, ప్రస్తుతం చేస్తున్న పని స్కోరును కొంత పెంచడం. 1.25తో గుణిస్తే ఏమవుతుందో చూద్దాం. పని చేస్తున్నంతసేపు దాని స్కోరు 0.625 కాబట్టి, ఆకలి 0.79 దాటాకే వడ్రంగి భోజనానికి లేస్తాడు. తినడం మొదలుపెట్టాక భోజనం స్కోరు కూడా 1.25 రెట్లవుతుంది, అది పని స్కోరైన 0.5 కంటే తగ్గేది ఆకలి 0.63కి దిగినప్పుడు. అంటే ఇప్పుడు ఎనిమిది ముద్దలు తిని లేస్తాడు, గంటన్నర దాటాక మళ్లీ వస్తాడు. ముందుకంటే మెరుగే, కానీ దీన్ని భోజనం అనలేం. ఆ గుణకాన్ని ఇంకా పెంచుకుంటూ పోతే మరో ఇబ్బంది ఎదురవుతుంది: పని వదలవలసిన సమయంలో కూడా అతను కదలడు.

సరైన పరిష్కారం భోజనాన్ని ఒక పూర్తి పనిగా చూడడం. ఒకసారి మొదలుపెడితే ఆకలి 0.1కి దిగేదాకా మామూలు పోలికలను పట్టించుకోకూడదు, అత్యవసరమైతే తప్ప ఆపకూడదు. అప్పుడు ఆకలి 0.79 నుంచి 0.1కి దిగుతుంది, మళ్లీ అంత ఆకలి వేయడానికి దాదాపు ఏడు గంటలు పడుతుంది. పగటికి రెండు భోజనాలు చేసే మనిషి మీకు కనిపిస్తాడు. ఏ పని ఎక్కడ ముగుస్తుందో చెప్పే బాధ్యత కింది ట్రీదే. అత్యవసరమైతే తప్ప, అది విజయమనో వైఫల్యమనో తిరిగి చెప్పినప్పుడే పైన కొత్త నిర్ణయం జరగాలి.

ఈ ఊగిసలాట యుటిలిటీకి మాత్రమే అంటిన జబ్బు కాదని కూడా చెప్పాలి. ట్రీలో "ఆకలి 0.7 దాటితే" అన్న షరతును నిరంతరం గమనిస్తూ, అది తప్పగానే కొమ్మను ఆపేసేలా పెడితే, అక్కడా వడ్రంగి ఒక్క ముద్దకే లేచి వెళ్లిపోతాడు. జబ్బును పట్టుకోవడానికి ప్రతి మనిషీ గేమ్ గంటకు ఎన్నిసార్లు పని మార్చాడో, ఎంతసేపు నడకలోనే గడిపాడో లెక్కపెట్టండి. పని చేసిన సమయం కంటే నడిచిన సమయం ఎక్కువైతే, దారి వెతికే కోడ్‌ను అనుమానించే ముందు స్కోర్లను చూడండి.

అపోహ: అంశాలన్నింటినీ గుణిస్తే సరిపోతుంది, సగటు తీసినా తేడా ఏమీ ఉండదు.

తేడా చాలా ఉంది. వడ్రంగి పని స్కోరులో ఐదు అంశాలున్నాయనుకుందాం: వేళ, కలప నిల్వ, పనిముట్ల స్థితి, దూరం, పనిచోటు తలుపు తెరిచి ఉందా అన్నది. తలుపు మూసి ఉంటే ఆ అంశం 0. మిగతా నాలుగూ 0.9 అయితే సగటు 0.72 వస్తుంది, మనిషి వెళ్లి మూసిన తలుపు ముందు నిలబడతాడు. గుణిస్తే స్కోరు సున్నా అవుతుంది, అది సరైన జవాబు. ఏ అంశమైనా పనిని పూర్తిగా నిలిపివేయగలగాలంటే గుణకారమే కావాలి.

కానీ గుణకారంలోనూ ఒక అన్యాయం ఉంది. తలుపు తెరిచి ఉండి, ఐదు అంశాలూ 0.9 ఉన్నాయనుకోండి, లబ్ధం 0.59. నిద్రకు రెండే అంశాలు, రెండూ 0.8, లబ్ధం 0.64. ఒక్కో అంశంలో పనే మెరుగ్గా ఉన్నా, వడ్రంగి పట్టపగలు వెళ్లి పడుకుంటాడు. డిజైనర్ ఎంత జాగ్రత్తగా ఆలోచించి అంశాలు చేర్చితే ఆ పనికి అంత నష్టం జరుగుతుంది, ఇది ఎంతమాత్రం న్యాయం కాదు. ఈ లోటును పూడ్చడానికి గేమ్ ఏఐ డిజైనర్ డేవ్ మార్క్ ప్రచారంలోకి తెచ్చిన సవరణ ఇది, ఇందులో c1 నుంచి cn వరకు ఉన్నవి అంశాల విలువలు, n వాటి సంఖ్య:

```
score  = c1 * c2 * ... * cn
mod    = 1 - 1/n
makeup = (1 - score) * mod
final  = score + makeup * score
```

దీన్ని వర్తింపజేస్తే పని స్కోరు 0.784, నిద్ర స్కోరు 0.755 అవుతాయి, వడ్రంగి పనిలోనే ఉంటాడు. score సున్నా అయితే final కూడా సున్నాయే కాబట్టి మూసిన తలుపు ఇప్పటికీ అడ్డుపడుతుంది. ఒకే అంశం ఉన్న పనికి mod సున్నా కాబట్టి దాని స్కోరు మారదు.

అపోహ: ప్రతి పనికీ స్కోరు వేయడం గేమ్‌ను నెమ్మదింపజేస్తుంది.

200 మంది, ఒక్కొక్కరికి 20 పనులు, పనికి 4 అంశాలు అనుకుందాం. ప్రతి ఫ్రేమ్‌లోనూ అందరికీ లెక్కిస్తే 16,000 లెక్కలు. అంత అవసరం లేదు. సెకనుకు రెండుసార్లు చొప్పున, వేర్వేరు ఫ్రేమ్‌లకు పంచితే, 60 ఫ్రేమ్‌ల వేగంలో ఒక్కో ఫ్రేమ్‌కు ఏడుగురి వంతు వస్తుంది. సుమారు 560 చిన్న గుణకారాలు. నిజంగా ఖరీదైనది దూరం కోసం ప్రతిసారీ దారి వెతకడం. దానికి బదులు సరళరేఖా దూరమో, ముందే లెక్కించి పెట్టుకున్న దూరాల పట్టికో వాడాలి. చౌకైన అంశాలను ముందు లెక్కించి, సున్నా రాగానే ఆ పనిని వదిలేయాలి.

అపోహ: నిప్పు అంటుకున్నప్పుడు పారిపోవడానికి పెద్ద స్కోరు ఇస్తే చాలు.

చాలదు. పెంచిన గుణకాలు, సవరణలు కలిసి ఏదో ఒక రోజు భోజనం స్కోరు దాన్ని దాటుతుంది, మంటల మధ్య మనిషి తింటూ కూర్చుంటాడు. ఇలాంటివాటిని స్కోర్ల పోటీలోనే ఉంచకూడదు. పనులను శ్రేణులుగా విడదీసి, అత్యవసర శ్రేణిలో సున్నా కాని పని ఒక్కటి ఉన్నా కింది శ్రేణులను చూడకుండా ఉంటే సరిపోతుంది. గమనిస్తే ఇది బిహేవియర్ ట్రీలోని కొమ్మల వరుసే. ఆ వరుస నిజంగా స్థిరంగా ఉండవలసిన చోట దాన్ని వాడుకోవడంలో తప్పేమీ లేదు. శ్రేణులు రెండో మూడో ఉంటే చాలు. నాలుగోది అవసరమనిపిస్తే, ముందు అవసరాన్ని స్కోరుగా మార్చే ఏ కర్వ్ తప్పుగా గీశారో వెతకండి. అందుకోసం ఎంపికైన పనితోపాటు ఓడిపోయిన మొదటి మూడు పనుల స్కోర్లనూ, వాటిలోని ఒక్కో అంశం విలువనూ లాగ్‌లో రాసిపెట్టండి. మనిషి ఎందుకు అలా చేశాడో గెలిచిన స్కోరు ఒక్కటే చెప్పలేదు, ఓడినవాటి పక్కన పెట్టి చూసినప్పుడే అర్థమవుతుంది.