వానాకాలంలో ఎన్‌డీవీఐ: మబ్బులు, నీడలపై అపోహలు - వాస్తవాలు

ఒడిశా సరిహద్దులో గుణుపురం, పర్లాకిమిడి చుట్టుపక్కల ఉపగ్రహ చిత్రాల నుంచి పంటల పటాలు వేయడం నా పని. అందుకు వాడేది పైరు పచ్చదనాన్ని కొలిచే ఎన్‌డీవీఐ అనే సూచిక. ఇక్కడ పైరు పెరిగేదీ, మబ్బు కమ్మేదీ ఒకే నెలల్లో. మబ్బు వల్ల చిత్రంలో వచ్చే తప్పు అచ్చం పంటలో వచ్చిన మార్పులాగే కనిపిస్తుంది. పల్చటి మబ్బు అడ్డొస్తే పైరు వాడిపోయినట్టు, నీడ పడితే మడిలో నీళ్లు నిలిచినట్టు తోస్తుంది. ఆ పటం పట్టుకుని ఎవరైనా పంట నష్టం అంచనా వేస్తే నష్టపోయిన ఊరు జాబితాలోంచి జారిపోతుంది. అందుకే ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ల నోట తరచూ వినే కొన్ని మాటల గురించి ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణలన్నీ సెంటినెల్-2 ఉపగ్రహం చిత్రాలకు సంబంధించినవి.

అపోహ: మబ్బు 20 శాతం లోపు ఉన్న చిత్రాలే తీసుకుంటే చాలు

చిత్రంతో పాటు వచ్చే `CLOUDY_PIXEL_PERCENTAGE` అనే మబ్బు శాతం మీ పొలానిది కాదు. అది దాదాపు 110 కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న టైల్ అనే చిత్రపు ముక్క మొత్తానిది. మన వైపు మబ్బు కొండల మీద పేరుకుని, వంశధార లోయ తెరిపిగా ఉండే రోజులు ఉంటాయి. టైల్‌లో 85 శాతం మబ్బే ఉన్నా మనకు కావలసిన వరి మళ్లు శుభ్రంగా కనిపించవచ్చు. 15 శాతమే ఉన్న చిత్రంలో ఆ మబ్బంతా మన మళ్ల మీదే ఉండవచ్చు. ఈ వడపోతను జూలై, ఆగస్టులకు పెడితే చేతిలో చిత్రాలే మిగలవు. దాన్ని తీసేసి, పిక్సెల్ స్థాయిలో మాస్క్ చేసి, అంటే మబ్బు, నీడ పడిన పిక్సెళ్లను పక్కనపెట్టి, మీ పొలాల హద్దుల లోపల ఎంత శాతం తేటగా ఉందో లెక్కపెట్టండి.

ఇంకో సంగతి. గుణుపురానికీ పర్లాకిమిడికీ మధ్య 84 డిగ్రీల తూర్పు రేఖాంశం పోతుంది. అక్కడ యూటీఎం జోన్ 44 నుంచి 45కు మారుతుంది. టైళ్లు ఒకదాని మీద ఒకటి పడే చోట ఒకే రోజు చిత్రం రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. రెండు పరిశీలనలు ఉన్నాయని సంబరపడకండి, ఉన్నది ఒక్కటే.

అపోహ: ఎన్‌డీవీఐ నిష్పత్తి కాబట్టి పల్చటి మబ్బు ప్రభావం కొట్టుకుపోతుంది

రెండు బ్యాండ్లూ ఒకే అంకెతో గుణించబడితే నిజంగానే కొట్టుకుపోతుంది. కానీ మబ్బు చేసేది గుణించడం ఒక్కటే కాదు. తన వెలుగును తెచ్చి కలుపుతుంది కూడా.

```
NDVI = (B8 - B4) / (B8 + B4)
```

ఇందులో B4 ఎరుపు బ్యాండ్, B8 నియర్ ఇన్‌ఫ్రారెడ్ బ్యాండ్. మంచి వరి పైరులో ఎరుపు పరావర్తనం 0.04, నియర్ ఇన్‌ఫ్రారెడ్ 0.36 అనుకుందాం. ఎన్‌డీవీఐ 0.80 వస్తుంది. పల్చటి మబ్బు రెండింటికీ 0.08 చొప్పున కలిపిందంటే అవి 0.12, 0.44 అవుతాయి. ఇప్పుడు ఎన్‌డీవీఐ 0.57. పైరుకు ఏమీ కాలేదు, పటంలో మాత్రం పావు వంతుకు పైగా పడిపోయింది.

వాతావరణ సవరణ చేసి ఇచ్చే ఎల్2ఏ చిత్రం వాడితే ఇది సరిపోతుందనుకోవద్దు. వాతావరణ సవరణ గాలిలోని ధూళికణాలు, నీటి ఆవిరి ప్రభావాన్ని తగ్గిస్తుంది గానీ కింద వేలాడే పల్చటి మబ్బును తీసెయ్యదు. బాగా ఎత్తున ఉండే సిర్రస్ మబ్బును పట్టే బ్యాండ్ 10 కూడా దాన్ని చూడలేదు. ఆ తరంగదైర్ఘ్యాన్ని గాలిలోని నీటి ఆవిరి పీల్చేస్తుంది కాబట్టి బాగా ఎత్తున ఉన్న మబ్బు మాత్రమే అందులో తెలుస్తుంది.

మబ్బుతో పనిలేకుండా ఇలాంటి పతనాన్నే తెచ్చే పొరపాటు మరొకటి ఉంది. 2022 జనవరి 25న వచ్చిన 04.00 ప్రాసెసింగ్ బేస్‌లైన్ నుంచి ఎల్2ఏ అంకెలకు 1000 కలిపి ఇస్తున్నారు. అందుకే 10000తో భాగించే ముందు 1000 తీసెయ్యాలి. ఎరుపు 1500, నియర్ ఇన్‌ఫ్రారెడ్ 4500 ఉంటే సరైన పరావర్తనాలు 0.05, 0.35, ఎన్‌డీవీఐ 0.75. తీసెయ్యడం మరిస్తే 0.50 వస్తుంది. 2021 పంటతో 2023 పంటను పోల్చేటప్పుడు ఊరంతా దెబ్బతిన్నట్టు కనిపిస్తే ముందు ఇది చూడండి. పాత చిత్రాలను కూడా కొత్త బేస్‌లైన్‌తో మళ్లీ తయారుచేశారు కాబట్టి తేదీని నమ్ముకోకుండా మెటాడేటాలో `BOA_ADD_OFFSET` చూడాలి. గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో `COPERNICUS/S2_SR_HARMONIZED` వాడితే ఈ సవరణ ముందే జరిగి ఉంటుంది. అక్కడ మళ్లీ 1000 తీసెయ్యకండి.

అపోహ: `SCL` బ్యాండ్‌లో మబ్బు, నీడ తరగతులు తీసేస్తే మాస్క్ పూర్తయినట్టే

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. ప్రతి పిక్సెల్ ఏ తరగతిదో అంకెతో చెప్పే `SCL`లో 3 మబ్బు నీడ, 8, 9 మబ్బు, 10 పల్చటి సిర్రస్. నాలుగూ తీసేసినా మబ్బు అంచులు, చిన్న నీడలు మిగిలిపోతాయి. అందుకే మాస్క్‌ను కొన్ని పిక్సెళ్ల మేర బయటికి పెంచుతాం. అసలు చిక్కు దీనికి వ్యతిరేక దిశలో ఉంది. ఉబాలు అయిన కొత్తలో మడి నిండా నీళ్లు, పైన పల్చగా నారు. ఉపగ్రహానికి అది నల్లగా కనిపిస్తుంది. `SCL` దాన్ని ఒకసారి నీరు అంటుంది, ఒకసారి నీడ అంటుంది. నీడ అని తీసేశామంటే మనం వెతుకుతున్న నాట్ల తేదీనే చెరిపేసుకున్నట్టు.

రెంటినీ విడదీయడానికి నేను ముందు సూర్యుణ్ణి చూస్తాను. ఆగస్టు నడుమ ఉపగ్రహం వచ్చే పొద్దున పదిన్నర ప్రాంతంలో మన దగ్గర సూర్యుడు దాదాపు తూర్పున, నడినెత్తి నుంచి 22 డిగ్రీల దూరంలో ఉంటాడు. అంటే నీడ మబ్బుకు పడమటి వైపు పడుతుంది. రెండు కిలోమీటర్ల ఎత్తున్న మబ్బుకు నీడ 800 మీటర్ల దూరాన, ఎనిమిది కిలోమీటర్ల ఎత్తున్నదానికి మూడు కిలోమీటర్లకు పైగా దూరాన పడుతుంది. నల్లటి మచ్చకు తూర్పున అంత దూరంలోగా మబ్బే లేకపోతే అది నీడ కాదు. చిత్రం అంచు దగ్గరైతే పక్క టైల్ కూడా తెరవాలి, మబ్బు అందులో ఉండవచ్చు.

తర్వాత ఆకారం. నీళ్లు గట్టు దగ్గర ఆగుతాయి. నీడకు గట్టూ లేదు, రోడ్డూ లేదు, ఊరి మీదుగా కూడా పోతుంది. మూడోది తర్వాతి తేట చిత్రం. నీడ ఉండదు, నీళ్ల మడి ఉంటుంది, ఆపైన మెల్లగా పచ్చబడుతుంది.

ఏటి ఇసుక, రేకుల కప్పులు మబ్బుగా నమోదైన చోట్లు కూడా చూశాను. ప్రతి తేదీలోనూ అదే చోట మబ్బు కనిపిస్తే అది మబ్బు కాదని తేలిపోతుంది.

ఇప్పుడు నేను ఎక్కువగా వాడేది క్లౌడ్ స్కోర్ ప్లస్. అది ప్రతి పిక్సెల్‌కూ 0 నుంచి 1 దాకా తేటదనం ఇస్తుంది.

```
var s2 = ee.ImageCollection(
  'COPERNICUS/S2_SR_HARMONIZED');
var cs = ee.ImageCollection(
  'GOOGLE/CLOUD_SCORE_PLUS/V1/S2_HARMONIZED');
var clear = s2.linkCollection(cs, ['cs'])
  .map(function (img) {
    return img.updateMask(img.select('cs').gte(0.6));
  });
```

హద్దును 0.5 నుంచి 0.65 మధ్య మార్చి చూడండి. `cs` కాస్త కఠినం. కొండ నీడ పడే మళ్లలో మంచి పిక్సెళ్లు పోతున్నాయనిపిస్తే `cs_cdf` ప్రయత్నించండి.

అపోహ: నెలకు గరిష్ఠ ఎన్‌డీవీఐ తీసుకుంటే మబ్బు దానంతట అదే పోతుంది

మబ్బు విలువను తగ్గిస్తుంది కాబట్టి గరిష్ఠం తీసుకుంటే తప్పించుకోవచ్చన్నది ఇందులో తర్కం. పత్తికి కొంతవరకు పనిచేస్తుంది. వరికి ప్రమాదం. జూలై మొదట్లో దున్నకముందు మడిలో కలుపుతో ఎన్‌డీవీఐ 0.35, నెలాఖరులో నీళ్లు పెట్టి నాటాక 0.15 అనుకోండి. జూలై గరిష్ఠం 0.35. ఆగస్టు చివరికి 0.55 వస్తే ఆ నెల గరిష్ఠం అదే. గ్రాఫ్ నున్నగా పైకి పోతుంది, నాట్లు అన్న ఘట్టమే అందులో లేదు. పైగా నీడలో, సవరణ తర్వాత ఎరుపు సున్నాకు దగ్గరపడిన పిక్సెళ్లకు ఎన్‌డీవీఐ అబద్ధంగా పెరిగి, గరిష్ఠం సరిగ్గా వాటినే ఏరుకుంటుంది. మాస్క్ చేశాక మిగిలిన తేదీలను తేదీలుగానే ఉంచి చూడటం మేలు.

అపోహ: ఖాళీ వచ్చిన చోట అటూ ఇటూ విలువలతో గీత కలిపేయవచ్చు

పైరు నిలకడగా ఉన్న సెప్టెంబరులో పది రోజుల ఖాళీకి ఫర్వాలేదు. నాట్ల వేళ ఇరవై, ముప్పై రోజుల ఖాళీని గీతతో కలిపితే లేని పంట చరిత్ర రాసినట్టే. నేను ఎన్‌డీవీఐ పటంతో పాటు ఒక్కో పిక్సెల్‌కు ఎన్ని తేట పరిశీలనలు దొరికాయో చూపే పటం కూడా ఇస్తాను. నాట్ల కాలంలో ఆ లెక్క సున్నా ఉన్న మళ్లను బూడిద రంగులో వదిలేస్తాను. అక్కడ మబ్బు అడ్డురాని సెంటినెల్-1 రాడార్ చూస్తాం. అది ఎన్‌డీవీఐ ఇవ్వదు గానీ మడిలో నీళ్లు ఎప్పుడు నిలిచాయో చెప్పగలదు. అదీ తేలకపోతే ఊరికి మనిషి వెళ్లి రైతును నాట్లు ఎప్పుడు వేశారో అడిగి రావాల్సిందే.